ప్రమాదం సగమైతే ఆయుష్షు రెట్టింపు అవుతుందా?

ప్రశ్న: మేడమ్, మా బాపుకు అరవై రెండేళ్లు. బుగ్గ లోపల క్యాన్సర్ వస్తే రెండేళ్ల కింద ఆపరేషన్, రేడియేషన్ అయినయి. ఇప్పుడు మెడలో మళ్లీ వచ్చింది. ఈసారి ఆపరేషన్‌కు వీల్లేదన్నారు. రెండు నెలల నుంచి మాత్రలు వేసుకుంటున్నడు. వాటికి తోడు తక్కువ డోసు నివోలుమాబ్ ఎక్కిద్దామని డాక్టర్ గారు అంటున్నారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్ల ట్రయల్ రిపోర్టు కూడా చేతికిచ్చారు. అందులో హజార్డ్ రేషియో 0.545 అని ఉంది. చావు ప్రమాదం దాదాపు సగమైతే ఆయుష్షు రెట్టింపే కదా అంటడు మా తమ్ముడు. కానీ ఆ పక్కనే 6.7 నెలలు, 10.1 నెలలు అని ఉంది. అది రెట్టింపు కాదు. అమెరికాలో ఉన్న మా బావ ఫుల్ డోసు ట్రయల్ రిపోర్టు పంపిండు. దాంట్లో ఏడాదికి బతికున్నది 36 శాతమే, ఇక్కడ 43. అంటే తక్కువ డోసే నయమా? ఆ మెట్ల గీతలు ఎట్ల చదవాలి? నేను బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేస్తాను, లెక్కలంటే భయం లేదు.
— ఒక కూతురు, ఉప్పల్

జవాబు: అమ్మా, మీకు వచ్చిన అనుమానం సరైనదే. మీ తమ్ముడు చేసిన పొరపాటు చదువుకున్నవాళ్లు, కొన్నిసార్లు డాక్టర్లు కూడా చేసేదే. నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లకు పైగా హైదరాబాద్‌లోనే మందుల ట్రయల్స్‌కు లెక్కలు చూసే పనిలో ఉన్నాను. కాబట్టి ఈ మందు ఇప్పించాలా వద్దా అన్నది చెప్పలేను. ఆ కాగితం ఏమంటోందో, ఏమనడం లేదో చెప్పగలను.

మీ చేతిలో ఉన్నది 2023లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో అచ్చయిన ట్రయల్. నోరు, గొంతు ప్రాంతపు క్యాన్సర్ ముదిరి, పూర్తిగా నయం చేసే వీలు లేని 151 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మాత్రలు మాత్రమే ఇచ్చారు: వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్. మీ బాపు వేసుకునేవి కూడా ఇవేనా అని ఒకసారి చీటీ చూడండి, దాని మీద చాలా ఆధారపడి ఉంది. రెండో గుంపుకు అవే మాత్రలతో పాటు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ ఎక్కించారు. అది ఇమ్యూనోథెరపీ మందు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపేది. గుంపుకు 75 మంది చొప్పున అనుకోండి.

ముందు మెట్ల గీత. దాన్ని కాప్లాన్–మేయర్ గీత అంటారు. 1958లో ఆ ఇద్దరూ దాన్ని ప్రతిపాదించారు. అడ్డంగా నెలలు, నిలువుగా బతికున్నవారి శాతం. ఎడమ చివర అందరూ బతికే ఉంటారు కాబట్టి గీత 100 దగ్గర మొదలవుతుంది. ఎవరైనా చనిపోయినప్పుడు ఒక మెట్టు దిగుతుంది. ఇంతవరకు చూస్తేనే తెలుస్తుంది. తెలియనిది గీత మీద అక్కడక్కడ కనిపించే చిన్న నిలువు గాట్లు.

ట్రయల్‌లో అందరూ ఒకేరోజు చేరరు. రిపోర్టు రాసే రోజుకు ఒకరు చేరి రెండేళ్లయి ఉంటుంది, ఇంకొకరు చేరి నాలుగు నెలలే అయి ఉంటుంది. ఆ రెండోవారు బతికే ఉన్నారు, కానీ నాలుగు నెలల తరవాత సంగతి మనకు ఇంకా తెలియదు. కొందరు ఊరికి వెళ్లిపోయి ఫోన్‌కు దొరకరు. ఇలాంటివారిని, తెలిసినంత కాలం లెక్కలో ఉంచుకుని, ఆ తరవాత మెల్లగా లెక్క నుంచి తప్పిస్తారు. దీన్నే సెన్సారింగ్ అంటారు. గాటు గుర్తు అదే. గాటు అంటే చావు కాదు, 'ఇంతవరకు బతికున్నారని తెలుసు' అని మాత్రమే.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. పది మంది ఉన్నారు. రెండో నెలలో ఒకరు పోయారు. పదిలో తొమ్మిది మిగిలారు కాబట్టి గీత 90 శాతానికి దిగింది. మూడో నెలలో ఒకరి సమాచారం ఆగిపోయింది. గీత దిగదు, ఒక గాటు పడుతుంది. కానీ ఇప్పుడు లెక్కలో ఉన్నది ఎనిమిది మందే. నాలుగో నెలలో ఇంకొకరు పోయారు. ఎనిమిదిలో ఏడు మిగిలారు, కాబట్టి 90ని ఏడుతో గుణించి ఎనిమిదితో భాగిస్తే 78.75. ఆరో నెలలో ఇద్దరి సమాచారం ఆగింది, మిగిలింది ఐదుగురు. ఏడో నెలలో ఒకరు పోయారు. ఐదింట నాలుగు వంతులు, అంటే గీత 63 శాతానికి దిగింది.

ఇక్కడ పోయింది ముగ్గురే, పదిలో ముగ్గురు. మామూలుగా లెక్కేస్తే 70 శాతం బతికున్నారనాలి. గీత 63 అంటోంది. సమాచారం ఆగినవారిని ఎప్పటికీ బతికున్నవాళ్లుగా లెక్కేయదు, చనిపోయారని కూడా అనుకోదు. లెక్కలో మిగిలినవారి లాగే వాళ్లకూ జరిగి ఉంటుందని అనుకుంటుంది. ఆ అనుకోవడం తప్పయిన చోట గీత కూడా తప్పుతుంది. జబ్బు బాగా ముదిరి ఇక లాభం లేదని ఊరికి తీసుకుపోయినవాళ్లే ఎక్కువగా సమాచారం ఆగినవారిలో ఉంటే, గీత ఉండాల్సిన దానికన్నా పైన కనిపిస్తుంది. ఒక గుంపులో మొదటి నెలల్లోనే గాట్లు ఒత్తుగా ఉండి రెండో గుంపులో లేకపోతే, నేనైతే ఎందుకని అడగకుండా పేజీ తిప్పను.

ఇంకో సంగతి గమనించారా? చనిపోయింది ప్రతిసారీ ఒక్కరే. కానీ మెట్టు మొదట 10, తరవాత 11.25, ఆ తరవాత 15.75 అయింది. లెక్కలో మిగిలినవాళ్లు తగ్గేకొద్దీ ఒక్క మనిషి బరువు పెరుగుతుంది. చివర ఇద్దరే మిగిలినప్పుడు ఒకరు పోతే గీత ఒక్కసారిగా సగానికి పడుతుంది. ఎవరూ పోకపోతే అది అలాగే సాఫీగా కుడివైపు సాగి, కొందరికి జబ్బు పూర్తిగా నయమైపోయినట్టు కనిపిస్తుంది. అందుకే గీత కింద చిన్న అక్షరాల్లో 'నంబర్ ఎట్ రిస్క్' అని అంకెల వరస ఒకటి ఉంటుంది. ఏ నెలకు ఏ గుంపులో ఎంతమంది లెక్కలో మిగిలారో అది చెబుతుంది. నేను గీత కంటే ముందు ఆ వరసే చూస్తాను. పది మంది కూడా మిగలని చోటి నుంచి కుడివైపు గీతను చేత్తో మూసేసి చదువుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక కంపెనీలో మార్కెటింగ్ వాళ్లు స్లయిడ్‌లో చోటు చాలలేదని ఆ వరసనే కత్తిరించేశారు. గీత తోక మాత్రం రంగుల్లో నిగనిగలాడుతూ మిగిలింది. ఆ తోకలో ఉన్నది నలుగురు.

ఇక 0.545. మీరు లోన్ల సెక్షన్ అన్నారు కాబట్టి నా పని తేలికైంది. తగ్గే అసలు మీద వడ్డీ ఎలా లెక్కేస్తారో మీకు తెలుసు. నెలనెలా వడ్డీ మొదట ఇచ్చిన మొత్తం మీద కాదు, అప్పటికి మిగిలిన అసలు మీద. హజార్డ్ కూడా అలాంటి రేటే. ఈ నెల మొదట్లో బతికున్నవాళ్లలో నెల తిరిగేలోపు ఎంత మంది పోతున్నారు అన్నది. హజార్డ్ రేషియో అంటే ఒక గుంపు రేటును రెండో గుంపు రేటుతో భాగిస్తే వచ్చేది. 0.545 అంటే, మందు కలిపిన గుంపులో పోయే వేగం మాత్రల గుంపు వేగంలో నూటికి 54.5 వంతులు ఉందని, ట్రయల్ మొత్తం మీద సగటున.

వేగం సగమైతే చావులు సగం కావాలి కదా అనిపిస్తుంది. వేసి చూడండి. రెండు గుంపుల్లో వందేసి మంది. మొదటి గుంపులో నెలకు మిగిలినవారిలో నూటికి 20 మంది, రెండో గుంపులో 10 మంది పోతున్నారనుకుందాం. మొదటి నెల చివర 20 చావులు, 10 చావులు. సరిగ్గా సగం. ఆరు నెలలకు మొదటి గుంపులో 26 మంది మిగులుతారు, రెండో దాంట్లో 53 మంది. చావులు 74, 47. ఇప్పుడు సగం కాదు, మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. ఏడాదికి చావులు 93, 72. రేట్ల నిష్పత్తి మాత్రం మొదటి నెల నుంచి చివరి దాకా అదే సగం. మొదటి గుంపులో ఇక పోవడానికి మనుషులే మిగలడం లేదు కాబట్టి చావుల లెక్కలు దగ్గరవుతాయి. జబ్బు ఎంత తీవ్రమైతే ఈ తేడా అంత ఎక్కువ.

మీ కాగితంలో కూడా ఇదే చూడొచ్చు. ఏడాది దాటేసరికి బతికున్నవారు మాత్రల గుంపులో 16.3 శాతం, మందు కలిపిన గుంపులో 43.4 శాతం. అంటే నూటికి 84 మంది పోయిన చోట 57 మంది పోయారు. 57ను 84తో భాగిస్తే 0.68 వస్తుంది, 0.545 కాదు. 'చావులు 45 శాతం తగ్గాయి' అని ఎవరైనా రాస్తే అది తప్పుగా చదవడమే. 'నూటికి 27 మంది ఎక్కువగా ఏడాది దాటారు' అన్నది ఆ కాగితంలో ఉన్న మాట. 'మందు కలిపినా నూటికి 57 మంది ఏడాదిలోపే పోయారు' అన్నది కూడా అదే కాగితంలో ఉన్న మాటే. రెండూ ఒకేసారి చదవాలి. ఇంట్లో వాళ్లకు చెప్పేటప్పుడు కూడా రెండూ చెప్పండి.

ఇప్పుడు నెలల సంగతి. 6.7, 10.1 అన్నవి మీడియన్లు. గీత మీద నిలువుగా 50 శాతం దగ్గర స్కేలు అడ్డంగా పెట్టండి. ఒక గీత దాన్ని 6.7 నెలల దగ్గర, ఇంకొకటి 10.1 దగ్గర తాకుతుంది. సగం మంది అంతకన్నా ముందే పోయారు, సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారు. రెండు గీతల మధ్య దూరాన్ని అడ్డంగా కొలిస్తే వచ్చేది దాదాపు మూడున్నర నెలలు. అదే దూరాన్ని ఏడాది దగ్గర నిలువుగా కొలిస్తే వచ్చేది 27 శాతం. ఒకే బొమ్మ. చిన్నగా కనిపించాలంటే నెలలు చెబుతారు, పెద్దగా కనిపించాలంటే శాతం చెబుతారు, ఇంకా పెద్దగా కావాలంటే 0.545 చెబుతారు.

మీ తమ్ముడి లెక్క ప్రకారం 6.7ను 0.545తో భాగిస్తే 12.3 నెలలు రావాలి. నిజంగా వచ్చింది 10.1. ఎందుకు తేడా? ఆ భాగహారం ఒక్క షరతు మీదే చెల్లుతుంది: చనిపోయే రేటు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉండాలి. అలా ఉందో లేదో మీరే పరీక్షించవచ్చు. మాత్రల గుంపులో 6.7 నెలలకు సగం మంది మిగిలారు. అదే వేగం సాగితే ఇంకో 6.7 నెలలకు, అంటే 13.4 నెలలకు, పావు వంతు మిగలాలి. ఆ లెక్కన 12 నెలలకు దాదాపు 29 శాతం ఉండాలి. కాగితంలో ఉన్నది 16.3. అంటే ఆరేడు నెలలు దాటాక ఆ గుంపులో పోయే వేగం పెరిగింది. రెండో గుంపు వేగం అందులో సగమే అనుకున్నా, ఆ సగం కూడా అదే సమయంలో పెరుగుతుంది కాబట్టి వాళ్లలో సగం మంది 12.3 నెలల దాకా ఆగలేదు. లోన్‌కు వడ్డీ రేటు మధ్యలో పెంచితే పాత కిస్తీల పట్టిక పనికిరాదు చూడండి, అచ్చం అలాగే.

అందుకని హజార్డ్ రేషియో నుంచి నెలలు లెక్కేయకండి. శాతాలు లెక్కేయొచ్చు. దానికి సరైన పద్ధతి ఒకటుంది, రేటు పెరిగినా తగ్గినా చెల్లుతుంది, రెండు రేట్ల నిష్పత్తి మాత్రం మారకుండా ఉంటే చాలు. మాత్రల గుంపులో బతికున్న శాతాన్ని వందతో భాగించి, హజార్డ్ రేషియో ఘాతానికి ఎక్కించాలి. ఫోన్‌లోని కాలిక్యులేటర్ అడ్డంగా తిప్పితే ఘాతాల బటన్ వస్తుంది.

```
0.163 ^ 0.545 = 0.37
```

అంటే 0.545 అనే అంకె ఒక్కదాన్నే నమ్మితే ఏడాదికి 37 శాతం బతికుండాలి. గీత చెప్పింది 43.4. అంత పెద్ద తేడా కాదు. గుంపుకు 75 మందే ఉన్నప్పుడు ఆ 43.4 పక్కన రాసిన అవధి 30.8 నుంచి 55.3 దాకా ఉంది, 37 అందులోనే పడుతుంది. ఈ రెండు లెక్కలు బాగా దూరంగా వస్తే మాత్రం అనుమానించాలి. రేట్ల నిష్పత్తి కాలంతో మారుతోందని, ఒక్క అంకెతో చెప్పే కథ కాదని అర్థం. ఇమ్యూనోథెరపీలో ఇది తరచు జరుగుతుంది. మందు పని మొదలవడానికి సమయం పట్టి, మొదటి రెండు మూడు నెలలు రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పడుకుని, తరవాత విడిపోతాయి. కొన్ని ట్రయల్స్‌లో మొదట మందు గుంపు గీతే కిందికి వెళ్లి, తరవాత రెండో దాన్ని దాటి పైకి వస్తుంది. గీతలు అలా ఒకదాన్నొకటి కోసుకున్నప్పుడు హజార్డ్ రేషియో ఎంత అందంగా ఉన్నా నేను దాన్ని పక్కన పెట్టి, 'ఆరు నెలలకు ఎంత, ఏడాదికి ఎంత' అని గీతనే అడుగుతాను. మీ కాగితంలో గీతలు ఎక్కడ విడిపోయాయో వేలు పెట్టి చూడండి. మందు మొదలుపెట్టిన ఆరు వారాలకే 'ఏం గుణం కనిపించడం లేదు' అని ఇంట్లో గొడవ మొదలైనప్పుడు అది పనికొస్తుంది.

0.545 తరవాత బ్రాకెట్లో 0.362 నుంచి 0.820 అని ఉంటుంది. దీన్ని చాలామంది దాటేస్తారు. 151 మందితో వచ్చిన జవాబు 0.545. ఇంకో 151 మందితో ఇదే ట్రయల్ చేస్తే కచ్చితంగా ఇదే అంకె రాదు. ఈ సమాచారంతో పొసిగే అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో ఆ అవధి చెబుతుంది. 1 అంటే రెండు గుంపులకూ తేడా లేనట్టు. పై అంచు 0.820 కూడా 1కి కిందే ఉంది కాబట్టి మందు కలపడం వల్ల మేలు జరిగిందనడానికి ఆధారం గట్టిదే. కానీ ఎంత మేలు అన్నది అంత గట్టిగా తెలియదు. పైన చెప్పిన ఘాతం లెక్క రెండు అంచులకూ వేయండి. 0.820 అయితే ఏడాదికి 23 శాతం, 0.362 అయితే 52 శాతం. మాత్రలతో మాత్రమే అయితే 16. అంటే 'నూటికి ఏడుగురు అదనంగా' నుంచి 'నూటికి ముప్పై ఆరుగురు అదనంగా' దాకా ఏదైనా కావచ్చు. మధ్య అంకెకే ఎక్కువ అవకాశం ఉంది, అంచులకు తక్కువ. అయినా డబ్బు సర్దుకునేటప్పుడు మీ మనసులో 23 కూడా ఉండాలి.

మీ బావ పంపింది చెక్‌మేట్ 141 అయి ఉంటుంది. ఏడాదికి 36 శాతం అన్నది అందులోదే. 2016లో వచ్చింది, 361 మంది. అందులో నివోలుమాబ్ కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలకోసారి ఇచ్చారు. అరవై కిలోల మనిషికి అది విడతకు 180 మిల్లీగ్రాములు, ఇక్కడ 20. ఏడాదికి బతికున్నవారు అక్కడ 36.0 శాతం, ఇతర మందులు తీసుకున్న గుంపులో 16.6. హజార్డ్ రేషియో 0.70. పక్కపక్కన పెడితే మీకే కాదు ఎవరికైనా నోరూరుతుంది. పోలిక గుంపులు కూడా 16.6, 16.3 అని కవల పిల్లల్లా ఉన్నాయి. డోసు తొమ్మిదో వంతుకు తగ్గించినా ఫలితం పెరిగిందనిపిస్తుంది.

కానీ ఈ రెండు కాగితాల మధ్య లాటరీ వేయలేదు. అక్కడ చేరినవాళ్లందరూ ప్లాటినం కీమో తీసుకుని, ఆరు నెలల్లోపే జబ్బు మళ్లీ ముదిరినవాళ్లు. ఇక్కడ చేరినవాళ్ల షరతులు వేరు, కొందరు కొత్తగా ముదిరిన జబ్బుతోనే వచ్చారు. అక్కడ నివోలుమాబ్ ఒక్కటే ఇచ్చారు, ఇక్కడ మూడు మాత్రలతో కలిపి. కాబట్టి 43లో ఎంత నివోలుమాబ్‌ది, ఎంత ఆ కలయికది అని విడదీయలేం. పోలిక గుంపులు ఒకేలా కనిపించడం కూడా యాదృచ్ఛికమే కావచ్చు. ఒకచోట మెథోట్రెక్సేట్, డోసిటాక్సెల్, సెటుక్సిమాబ్‌లలో ఏదో ఒకటి, ఇంకోచోట మాత్రల కలయిక. వేరే మనుషులు, వేరే మందులు, ఒకే అంకె. హైదరాబాద్ బ్రాంచిలోనూ వరంగల్ బ్రాంచిలోనూ మొండి బాకీలు ఒకే శాతం ఉన్నాయని ఖాతాదారులు ఒకలాంటివాళ్లే అంటారా మీరు?

టాటా ట్రయల్ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ మాత్రలకు కొంచెం నివోలుమాబ్ కలిపితే మేలా? దానికి జవాబు వచ్చింది, మేలే. 'తక్కువ డోసు ఫుల్ డోసుతో సమానమా' అన్నది అది అడగలేదు, జవాబు కూడా చెప్పలేదు. ఫుల్ డోసు కొనగలిగేవాళ్లు దీన్ని చూపించి డోసు తగ్గించుకోవడానికి ఇది సరిపోదు. కొనలేనివాళ్లకు మాత్రం ఇది అసలైన ఆధారం. మన దగ్గర ఇలాంటి రోగుల్లో ఎక్కువమంది రెండో కోవలోనే ఉంటారు కాబట్టి ఇలాంటి ట్రయల్ ముంబైలో పుట్టడంలో ఆశ్చర్యం లేదు. దుష్ఫలితాల మాట కూడా ఒక ముక్క చెప్పాలి. తీవ్రమైనవి మాత్రల గుంపులో 50 శాతం, కలిపిన గుంపులో 46.1 శాతం మందికి వచ్చాయి. కలపడం వల్ల అవి పెరిగినట్టు కనిపించలేదు. అలాగని మాత్రలు తేలికైనవని కాదు, సగం మందికి తీవ్రమైన ఇబ్బంది అంటే తక్కువేమీ కాదు.

ఇక మీ బాపు ఈ గీత మీద ఎక్కడ ఉన్నాడు? గీత మీద సున్నా అంటే లాటరీ తీసిన రోజు. ఆ రోజుకు ఆ 151 మందీ తమ పనులు తాము చేసుకుంటూ లేచి తిరుగుతున్నవాళ్లే. మంచాన పడ్డవాళ్లను చేర్చుకోలేదు. రెండు గుంపులూ దాదాపు ఆ రోజు నుంచే మందులు మొదలుపెట్టాయి. మీ బాపు ఇప్పటికే రెండు నెలలు మాత్రల మీద ఉన్నాడు. ఆయన సున్నా దగ్గర లేడు, రెండో నెల దాకా వచ్చినవారిలో ఉన్నాడు. పైగా నివోలుమాబ్ రెండు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. ఆ 43.4 శాతాన్ని తెచ్చి నేరుగా ఆయన మీద పెట్టలేం. రెండు నెలల మాత్రల తరవాత స్కాన్‌లో గడ్డ తగ్గిందా, అలాగే ఉందా, పెరిగిందా అన్నదాన్ని బట్టి ఈ కాగితం ఆయనకు ఎంత వర్తిస్తుందో మారుతుంది. మాత్రలు పనిచేయకుండా గడ్డ పెరిగిపోయి ఉంటే, పనిచేయని మాత్రలకు మందు కలపడం అన్న ప్రశ్నను ఈ ట్రయల్ తాకలేదు.

10.1 నెలలు అంటే డాక్టర్ ఇచ్చిన గడువు అనుకోవద్దని కూడా మీ అమ్మగారికి చెప్పండి. ఆ గుంపులో సగం మంది అంతకన్నా ఎక్కువే బతికారు. ఏ సగంలో ఎవరుంటారో గీత చెప్పలేదు, అది గుంపు గురించి మాట్లాడుతుంది.

వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, బాపు స్కాన్ రిపోర్టు రెండూ పట్టుకెళ్లండి. మొదట అడగాల్సింది, ఆ ట్రయల్‌లో చేర్చుకోవడానికి పెట్టిన షరతులకు బాపు ఇప్పుడు సరిపోతాడా అని. సరిపోకపోతే ఏ షరతు దగ్గర తప్పాడో చెప్పమనండి. రెండోది, రెండు నెలల ఆలస్యాన్ని, ఈ స్కాన్‌ను బట్టి డాక్టర్ గారి అంచనా ఏమిటో. మూడోది డబ్బు లెక్క. మందు సీసా తెరిచాక 20 మిల్లీగ్రాములు పోను మిగిలింది ఏం చేస్తారు? ఒకే రోజున ఇద్దరు ముగ్గురు రోగులను పిలిచి ఒక సీసాను పంచే ఏర్పాటు ఉంటే ఒక లెక్క, ప్రతిసారీ మీరే పూర్తి సీసా కొనాలంటే ఇంకో లెక్క. ఎన్ని విడతల తరవాత స్కాన్ తీసి, కొనసాగించాలా ఆపాలా అని నిర్ణయిస్తారో కూడా ఆ రోజే తేదీతో సహా రాయించుకోండి.